టవర్ తర్వాత స్టార్: దుబాయ్ కథలో కార్డులు ఏం చేయాలి?

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను, కథలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల వైపు మనిషి మీద చిన్న కథ రాశాను. ఊరి మీద బెంగతో ఒక రాత్రి రెండు టారో కార్డులు తీస్తాడు. టవర్, స్టార్ వస్తాయి. టవర్‌ని బుర్జ్ ఖలీఫాగా, స్టార్‌ని ఊళ్లో ఎదురుచూసే ఇల్లుగా పెట్టి, చివర్లో అతను సంతోషంగా ఇంటికొచ్చేట్టు ముగించాను. చదివిన ముగ్గురూ "బాగుంది కానీ అతికించినట్టుంది" అన్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?

సమాధానం:

మీ కథలో కార్డులు తిరగేసింది అతనే అయినా, చూసింది మాత్రం మీరు. అతను బొమ్మ చూడకముందే మీరు అర్థం చెప్పేశారు. అతికించినట్టు అనిపించేది అందుకే.

నేను షార్జాలో ఒక కాంట్రాక్టరు దగ్గర టైమ్‌కీపర్‌గా చేసి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో కథలు దిద్దే పని చేస్తూ, అడిగినవాళ్లకు కార్డులు కూడా చూస్తుంటాను. మీ కథలో ఈ రెండూ కలిశాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు టవర్ కార్డు బొమ్మను తీరిగ్గా చూడండి. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది 1909లో లండన్‌లో అచ్చయిన కట్ట. ఎ.ఇ.వెయిట్ వేయించాడు, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసింది. అందులో 16వ కార్డు టవర్. నల్లటి ఆకాశం, కొండ కొన మీద బూడిదరంగు బురుజు, పైన పిడుగు. బురుజు నెత్తిన ఉన్న కిరీటం ఊడి గాల్లోకి లేచింది. మూడు కిటికీల్లోంచి మంటలు. ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతున్నారు.

దీన్ని మీ హీరో ఎలా చూస్తాడు? మీ కథలో అతను స్కాఫోల్డింగ్ పనివాడని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. అసలు సరుకంతా అక్కడే ఉంది. పైపులు, క్లాంపులు బిగించి, ప్లాంకులు పరిచి, బెల్టు హుక్కు తగిలించుకుని బతికేవాడు అతను. ఆకుపచ్చ ట్యాగు ఉంటేనే స్కాఫోల్డింగ్ ఎక్కాలని, ఎర్ర ట్యాగు ఉంటే కాలు పెట్టకూడదని వాడికి రోజూ చెబుతారు. అలాంటివాడికి ఈ బొమ్మలో విధి కనబడదు. బెల్టు లేకుండా పడిపోతున్న ఇద్దరు మనుషులు కనబడతారు. ఫోర్‌మన్ ఎవడు, పర్మిట్ ఎవడిచ్చాడు అనే అడుగుతాడు. పాఠకుడికి అక్కడ నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనకే భయమూ వస్తుంది. మీరు వేరే ఏ అర్థమూ చెప్పక్కర్లేదు.

బుర్జ్ ఖలీఫాని మాత్రం తీసేయండి. అది 2010 జనవరిలోనే తెరుచుకుంది. మీ కథ జరిగే 2024లో అతను దాన్ని కట్టడం కుదరదు. కుదిరినా, టవర్ కార్డుకు టవర్ బిల్డింగ్ అనేది ఎవరికైనా మొదట తట్టే ఆలోచనే. పాఠకుడు మీకంటే ముందే అక్కడికి వెళ్లి కూర్చుంటాడు.

ఇక కార్డులు అతని చేతికి ఎలా వచ్చాయి? మీరు లేబర్ క్యాంపులో పరుపు కింద కట్ట దాచిపెట్టారు. యూఏఈలో మంత్రతంత్రాలు చేయడమూ, వాటి సామాను దగ్గర పెట్టుకోవడమూ చట్టప్రకారం నేరం. జోస్యం చెప్పడం కూడా అక్కడ ప్రమాదమే. క్యాంపులో తనిఖీలు మామూలే. అప్పులో ఉన్నవాడు వినోదం కోసం అంత రిస్కు తీసుకోడు. తీసుకున్నాడంటే కథ ఆ రిస్కు గురించే అయిపోతుంది.

కార్డులను హైదరాబాద్‌లో పెట్టండి. అతని కూతురు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోఠిలో డిగ్రీ చదువుతోంది అనుకుందాం. కట్ట ఆమె రూమ్మేట్‌ది. అతను వీడియో కాల్‌లో నంబరు చెబుతాడు, ఆమె తిరగేస్తుంది. తీసింది అతనే అవుతుంది, కార్డు మాత్రం ఇక్కడే ఉంటుంది. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు, మనవాళ్లు ఎక్కువగా బొటిమ్ వాడతారు. అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా. సోనాపూర్ క్యాంపులో రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ పదకొండు, హాస్టల్లో లైట్లు ఆర్పే వేళ. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడాల్సిందే.

కూతురిని తేవడంలో ఇంకో లాభం ఉంది, ఇది నాకు చాలా ముఖ్యంగా తోస్తోంది. 17వ కార్డు స్టార్ బొమ్మను మీరు నిజంగా చూసి రాశారా అని నా అనుమానం. అందులో చెరువు ఒడ్డున మోకాలి మీద కూర్చున్న స్త్రీ ఒంటి మీద నూలుపోగు లేదు. మన ఇళ్లలో ఇరవై ఏళ్ల ఆడపిల్ల తండ్రికి ఆ బొమ్మ చూపిస్తుందా? చూపించదు. బొటనవేలు అడ్డం పెడుతుంది. మీ కథ మొదలవ్వాల్సింది ఆ వేలి దగ్గర.

అంతకుముందు, అతని జీవితంలో కూలింది ఏమిటో తేల్చుకోవాలి. మీరు పైనుంచి మనిషి పడ్డ ప్రమాదం పెట్టారు. అలాంటివి జరుగుతాయి, కాదనను. కానీ నేను దగ్గరగా చూసిన కూలడం చప్పుడు లేకుండా జరుగుతుంది. కంపెనీకి బిల్లులు రావు. ఒక నెల జీతం బ్యాంకులో పడదు. అడిగితే "వచ్చే వారం" అంటారు. రెండో నెల మెస్ పల్చబడుతుంది, సైటుకు తీసుకెళ్లే బస్సు రాదు. ఈలోగా వీసా గడువు దాటుతుంది. రెన్యువల్ చేయించాల్సిన ఆఫీసులో ఫోన్ ఎత్తరు.

ఇక్కడ ఒక లెక్క కథకు వెన్నెముక లాంటిది. అతని జీతం నెలకు 1,000 దిర్హాములు అనుకోండి, 2024లో మన రూపాయల్లో సుమారు 22 వేల పైచిలుకు. వెళ్లేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షా ఇరవై వేలు తెచ్చాడు. నెలకు వడ్డీయే 2,400. వీసా దాటి ఉంటే జరిమానా రోజుకు 50 దిర్హాములు. నెలకు 1,500. పని ఉన్నప్పుడు సంపాదించినదాని కంటే, ఊరికే కూర్చున్నందుకు పడే జరిమానా ఎక్కువ! మంచం మీద పడుకుని ఫ్యాన్ చూస్తున్నా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది. దీన్ని మించిన టవర్ ఏ కార్డులోనూ లేదు. పాఠకుడు "కంప్లయింట్ ఇవ్వొచ్చు కదా" అంటాడు. ఇచ్చారని రాయండి, పదిమంది కలిసి కార్మిక శాఖకు వెళ్లారని, తేదీ కోసం చూస్తున్నారని ఒక్క వాక్యం చాలు. లేకపోతే అతను చేతగానివాడిలా కనబడతాడు. మన కథల్లో గల్ఫ్ కార్మికుణ్ణి ఏడుస్తూ కూర్చోబెట్టే అలవాటు ఒకటుంది, నాకది నచ్చదు.

ఇదంతా జరిగిపోయాకే అతను కార్డు తీయాలి. మీ కథలో కార్డు ముందు వచ్చి, ప్రమాదం తర్వాత వచ్చింది. అంటే కార్డు జోస్యం నిజమైంది, మనిషి కథ చేయిదాటిపోయింది. వరస తిప్పండి. టవర్ వచ్చేసరికి అతనికది పాత వార్త. కూతురికి మాత్రం తెలియదు.

నేనైతే ఆ ఘట్టం ఇలా రాస్తాను. 2024 జూలై చివర. అతని రూమ్మేట్ హాట్‌స్పాట్ ఇచ్చాడు.

---

"బాపూ, ఎన్నోది తియ్యాలె?"

"ఏందది బిడ్డా, పేకలా?"

"ఆడేటియి కాదు. మా రూమ్మేట్‌వి. అన్ని బోర్లేసిన. ఎడమ దిక్కు నుంచి ఎన్నోదో చెప్పు."

"తొమ్మిది."

ఆమె తిప్పి కెమెరా ముందు పెట్టింది. అతను ఫోన్ కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు.

"వీళ్లకు బెల్టులేవి?"

"ఎవలకు?"

"పడేటోళ్లకు. ఇద్దరికీ లెవ్వు. ఎవడెక్కిచ్చిండు వీళ్లను?"

ఆమె నవ్వింది. తర్వాత రూమ్మేట్ వైపు చూసి, ఆమె ఏదో చెబితే విని, మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది. "ఇది మంచిది కాదంట బాపూ. ఏదో కూలుతదంట."

"ఎప్పుడంట?"

"ముందు ముందు."

"సరే తియ్యి. ఇంకోటి తియ్యి. పద్నాలుగు."

ఈసారి కార్డును ముందు తనవైపు తిప్పుకుని చూసింది. చూసి కాసేపు మాట్లాడలేదు. కెమెరా ముందుకు తెచ్చేసరికి బొటనవేలు బొమ్మ నడిమధ్యలో ఉంది.

"ఏలు తియ్యి, కనవడ్తలేదు."

"తీస్తే జారుతది బాపూ. చూడు, చుక్కలున్నయి."

వేలికి పైన పెద్ద చుక్క ఒకటి, చుట్టూ చిన్నవి. వెనక చెట్టు, చెట్టు మీద పిట్ట. వేలికి అటూ ఇటూ రెండు కుండలు, రెండింట్లోంచీ నీళ్లు.

"గిదేంది? చెర్ల నీళ్లు చెర్లనే పోస్తున్నరు?"

"ఒక్కటే చెర్ల. ఇంకోటి నేల మీద."

"నేల మీదైతే మడి ఉండాలె గదా. కట్ట లేదు, కాల్వ లేదు. అయిదు పాయలై పోతున్నయి. ఎవలదో గానీ..." ఆగాడు. "మన చెర్ల నీళ్లొచ్చినయా?"

"మోకాళ్ల మట్టం అన్నది అమ్మ."

"నాట్లు?"

"కింది మడి వడ్డది. మీది మడికి నీళ్లెక్కలేదంట."

"మోటరు?"

"కాలిపోయిందంట." అని, కొంచెం ఆగి, "బాపూ, హాస్టల్ ఫీజు అడుగుతున్నరు. జీతం వడ్డదా?"

"వడ్తది," అన్నాడు. "వచ్చే వారం."

---

ఇందులో "బెంగ" అనే మాట ఒక్కసారి కూడా రాలేదు, గమనించండి. మీ కథలో రెండు పేజీల్లో అయిదుసార్లు వచ్చింది. ఊరు గుర్తొచ్చింది అని రాయొద్దు, ఊళ్లో ఆ వారం ఏం జరుగుతుంటుందో అది అడిగించండి. జూలై చివర అంటే నాట్లు. చెరువులోకి నీళ్లెంత వచ్చాయి, ఏ మడి పడింది, మోటరు ఎలా ఉంది. వ్యవసాయం వదిలి వెళ్లినవాడు ఫోన్‌లో అడిగేవి ఇవే. మట్టి వాసన, వేపచెట్టు నీడ గురించి అతనెప్పుడూ అడగడు. అవి మనం హైదరాబాద్‌లో ఫ్లాట్లో కూర్చుని అతని తరఫున బెంగపడేవి.

ఆ అయిదు పాయలు నా కల్పన కాదు. బొమ్మలో నేల మీద పోసిన నీళ్లు నిజంగానే అయిదు పాయలుగా చీలతాయి. కార్డులు చూసేవాళ్లు దానికి పంచేంద్రియాలని అర్థం చెబుతారు. మీవాడికది గట్టు లేని మడి, అంతే.

ఇప్పుడు స్టార్ సంగతి. మీరు దాన్ని బహుమతి అనుకున్నారు. కష్టం తర్వాత సుఖం, 16 తర్వాత 17. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లలో చాలామందీ అదే చెబుతారు, ఆశ, వెలుగు, మంచి రోజులు అని. బొమ్మలో మాత్రం ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. ఇల్లు లేదు, బట్ట లేదు. ముందు కార్డులో ఉన్న బురుజు ఇక్కడ జాడ కూడా లేదు. ఉన్న రెండు కుండలూ వంపేస్తోంది. ఈ కట్ట వేయించిన వెయిట్ కూడా తన పుస్తకంలో 17వ కార్డుకు మొదట రాసిన అర్థాలు నష్టం, దొంగతనం, లేమి, విడిచిపోవడం. ఆ తర్వాతే, ఆశ అనీ ఇంకొక అర్థం చెబుతారని రాశాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు స్టార్ పడితే నేను "మంచి జరుగుతుంది" అనను. "దాచుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు" అంటాను. కొందరికి కోపం వస్తుంది.

అందుకే ఆ బొటనవేలు నాకంత అవసరమైంది. కార్డు చెప్పేది దాపరికం లేకపోవడం. కూతురు సరిగ్గా దాన్నే వేలితో దాచింది. తండ్రి తన సంగతి "వచ్చే వారం" వెనక దాచాడు. ఇద్దరూ ఎందుకు దాచారో పాఠకుడికి తెలుసు. మీరు మాత్రం కథలో ఎక్కడా ఈ ముడి విప్పకండి. విప్పాలని చేయి దురద పెడుతుంది, ముఖ్యంగా రెండోసారి తిరగరాసేటప్పుడు.

అతను ఇంటికి రావాలని మీరు కోరుకుంటే, దానికి కార్డు అక్కర్లేదు, 2024లో నిజంగా జరిగినదే ఉంది. యూఏఈ ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబర్ 1న క్షమాభిక్ష మొదలుపెట్టింది. ముందు రెండు నెలలన్నారు, తర్వాత డిసెంబర్ 31 వరకు పొడిగించారు. వీసా దాటిపోయినవాళ్లు జరిమానా కట్టకుండా దేశం వదిలి వెళ్లొచ్చు, మళ్లీ రావడానికి నిషేధమూ ఉండదు. దుబాయ్‌లో అల్ అవీర్ దగ్గర దీనికి కేంద్రం పెట్టారు. పాస్‌పోర్ట్ చేతిలో లేనివాళ్లకు మన కాన్సులేట్ ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రాన్ని మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. జరిమానా మాఫీ అయింది సరే, రావాల్సిన జీతం సంగతి? అది వేరే దారి. వెళ్లిపోతే కేసు వెంటపడటం కష్టం, ఉండిపోతే మీటరు మళ్లీ మొదలవుతుంది. కథలో అసలైన నిర్ణయం ఇదే. మీ మొదటి ప్రతిలో అతను ఏ నిర్ణయమూ తీసుకోలేదు, టికెట్ దానంతట అదే వచ్చినట్టు వచ్చింది. అతను తనకు రావాల్సిన నెలల జీతం వదులుకుని బయలుదేరితే, ఆ కుండలు వంపినది ఎవరో మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

తేదీలు కూడా మీకు కలిసొస్తాయి. ఆ ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ 2న, సద్దుల బతుకమ్మ 10న. అతను ఈ మధ్యలో శంషాబాద్‌లో దిగితే ఊరంతా చెరువు గట్టు మీదే ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆడవాళ్లు బతుకమ్మలను నీళ్లలో వదిలే దృశ్యం చూసి మీకు స్టార్ కార్డు గుర్తొస్తుంది, వెంటనే కలిపేయాలనిపిస్తుంది. కలపకండి. కార్డు జూలైతోనే అయిపోయింది. అక్టోబర్‌లో అతనికి ఉన్న టెన్షన్ వేరు. పండక్కి దుబాయ్ నుంచి వచ్చినవాడు చేతిలో ఏం తెచ్చాడని ఊరు చూస్తుంది. సెంటు సీసాలు, టైగర్ బామ్, పిల్లలకు చాక్లెట్లు, ఇవేవీ లేకుండా దిగినవాడు పగలు ఊళ్లోకి పోడు. పుష్పక్ బస్సులో సికింద్రాబాద్ చేరి, జేబీఎస్‌లో రెండు జగిత్యాల బస్సులు వదిలేసి, చీకటి పడ్డాక ఊరు చేరే బస్సు ఎక్కుతాడు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మన దగ్గర ఊరికే అనలేదు. మూడింటి నుంచీ ఇలా చీకట్లో తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అతను జేబీఎస్‌లో ఉన్నప్పుడు కూతుర్ని రమ్మంటాడా, చెప్పకుండా వెళ్లిపోతాడా అన్నది మీరు తేల్చాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్‌కు వచ్చి, అక్కడ రైలు మారితే పరేడ్ గ్రౌండ్స్, అక్కడ దిగితే జేబీఎస్ పక్కనే. ఆమె రాగలదు. రప్పిస్తే ఫీజు మాట మళ్లీ వస్తుంది, అప్పుడు "వచ్చే వారం" అనడానికి అతనికి వీలుండదు. నేనైతే రప్పిస్తాను. ఆమె వచ్చి అతని సంచి చూస్తుంది, అది ఎంత తేలిగ్గా ఉందో చేత్తో ఎత్తి తెలుసుకుంటుంది, ఫీజు గురించి అడగదు. వేరే ఏదైనా మాట్లాడుతుంది, మోటరు బాగుచేయించారని చెబుతుంది. కథను అక్కడ ఆపొచ్చు. మీ ప్రతిలో ఇప్పుడున్న చివరి పేరా, ఆకాశంలో నక్షత్రం మెరిసిందన్నది, పూర్తిగా తీసేయండి. పేరు కూడా "టవర్ అండ్ స్టార్" వద్దు. "మీది మడి" అని పెట్టి చూడండి, లేదా మీకే ఇంకేదైనా తోస్తే అది.